మా ఆయన చేత, మా ఆయనకు

మా అత్తగారు పదో తరగతి పరీక్ష రాస్తానని ప్రకటించిన రోజున ఇంట్లో ఎవరూ నవ్వలేదు. ఆవిడ ముందు నవ్వే ధైర్యం ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకే లేదు, కోడలిగా వచ్చిన నాకు అసలే లేదు. ఆవిడకి యాభై దాటాయి. మిరప కోతలకు వెళ్ళే ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రీ. ఈ చేలో నుంచి కేకేస్తే మూడో చేలో వాళ్ళు గంప దించేవారు.

దీనికంతటికీ కారణం ఆవిడ తోడికోడలు. చర్చిలో స్త్రీల సమాజానికి కొత్త కార్యదర్శి కావాల్సి వచ్చింది. ఎవరో మా అత్తగారి పేరు చెప్పారు. వెంటనే తోడికోడలు లేచి, "మీటింగుల్లో మాట్లాడిందంతా పుస్తకంలో రాయాలి గదండీ, ఎనిమిదితో ఆపేసినోళ్ళకి ఎట్టా కుదురుద్ది?" అంది. తను పది పాసైంది మరి. మా అత్తగారు ఆ పూట ప్రార్థన అయ్యేదాకా కళ్ళు మూసుకునే కూర్చున్నారు గాని, ఆ కళ్ళ వెనక ఏం జరుగుతోందో దేవుడికీ నాకూ మాత్రమే తెలుసు. ఇంటికి రాగానే చెప్పు విప్పకుండానే అడిగారు.

"అమ్మాయ్, మీ బళ్ళో పెద్దోళ్ళకి చెప్తారంటగా, ఆ క్లాసు ఎప్పుడు?"

నేను తెలుగు టీచర్ని. చాలా ఏళ్ళు వినుకొండ వైపు పనిచేసి, ఆ వేసవిలోనే బదిలీ మీద పెదకాకాని దగ్గరికి, అంటే అత్తగారింటికి, వచ్చిపడ్డాం. మా హైస్కూల్లోనే సెలవు రోజుల్లో ఓపెన్ స్కూలు తరగతులు నడిచేవి. తెలుగు నాకే అంటగట్టారు. ఆ విధంగా మా అత్తగారు ప్రభుత్వ రికార్డుల ప్రకారం నా విద్యార్థిని అయ్యారు. ఏ కోడలికీ దక్కని అధికారం నాకు దక్కిందని తోటి టీచర్లు అసూయపడ్డారు. పాపం, వాళ్ళకేం తెలుసు.

ఆవిడ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంట్లో నేను "అమ్మాయ్". స్కూలు గేటు దాటగానే "మేడమ్ గారూ". మళ్ళీ గేటు బయటికి వచ్చీ రాగానే, "అమ్మాయ్, పాలు తోడేశావా లేదా?"

చలికాలం పోతూ ఉండగా కోతలు ఊపందుకున్నాయి. తరగతిలో అందరికీ 'మా ఊరి పనిపాటలు' అని వ్యాసం ఇచ్చాను. ఆటో నడిపే అబ్బాయి ఆటో గురించి రాశాడు. బ్యూటీ పార్లరు పెట్టుకున్న అమ్మాయి కనుబొమల గురించి రాసింది. మా అత్తగారు 'మా ఊరి మిరప కోతలు' అని శీర్షిక పెట్టి, కింద రెండు గీతలు గీసి, నాలుగు పేజీలు నింపారు.

ఆ కాగితాలు చేతిలోకి తీసుకోగానే నాకు తుమ్ములు మొదలయ్యాయి. పొద్దున్నుంచీ కాయ కోసిన వేళ్ళతో రాశారు. చేతులు పెరుగుతో రుద్దుకున్నా ఆ ఘాటు పోదు. కాగితం నిండా ఎర్రటి మరకలు. నేను ఎర్రపెన్నుతో సున్నా చుడితే అది నా సున్నానో మిరప మరకో తెలియడం లేదు. చివరికి ఆకుపచ్చ పెన్ను తీశాను. ఆ రంగు గెజిటెడ్ ఆఫీసర్లు వాడేది. కోడలికి ఆ హోదా కూడా ఆ రోజే వచ్చింది.

"దిద్దుకో, నాకేం ఇబ్బంది లేదు," అన్నారు మా అత్తగారు, వంటింటి గడప మీద కూర్చుని కాళ్ళు చాపుకుంటూ. "కానీ ప్రతిదానికీ ఎందుకో చెప్పాల. ఊరికే కొట్టేస్తే మాత్రం నేనొప్పుకోను."

ఆవిడ తెలుగు రెండు రకాలు. మాట్లాడితే మా గుంటూరు తెలుగు, వింటే చెవులు మండే తెలుగు. రాస్తే మాత్రం చర్చిలో ఇన్నేళ్ళుగా బైబిలు గట్టిగా చదివి వినిపించిన తెలుగు. 'వెళ్ళుదును', 'యుండును' తప్ప ఇంకో మాటే లేదు. మొదటి వాక్యం ఇది: 'మా గ్రామమందు మిరపోత్పత్తి అధికముగా యుండును.'

'మిరపోత్పత్తి' చుట్టూ సున్నా చుట్టాను.

"ఏం? అది నేనే కట్టాను. నువ్వే చెప్పావు గదా, అ తర్వాత ఉ వస్తే ఓ అవుద్దని, గుణసంధి అని. మిరప, ఉత్పత్తి. మిరపోత్పత్తి."

చెప్పింది నేనే. కానీ సగం చెప్పినట్టున్నాను. "అత్తయ్యా, గుణసంధి సంస్కృత సంధి. రెండు మాటలూ సంస్కృతంవి అయితేనే చేయాలి. ఉత్పత్తి సంస్కృతం. మిరప మన తెలుగు మాట. ఆ రెంటికీ అలా పెళ్ళి కుదరదు. 'ధాన్యోత్పత్తి' అనొచ్చు, ధాన్యం సంస్కృతం గనక. ఇక్కడ 'మిరప ఉత్పత్తి' అని విడివిడిగా రాయండి, లేకపోతే శుభ్రంగా 'మిరప దిగుబడి' అనండి."

"అంటే కులం చూసి కలపాలన్నమాట," అన్నారావిడ. "వ్యాకరణానికి కూడా ఈ రోగం ఉందా?"

తరువాతి పేజీలో 'కోతారంభమున' కూడా అదే కారణంతో కొట్టేశాను. కోత తెలుగు, ఆరంభం సంస్కృతం, సవర్ణదీర్ఘం కుదరదు, 'కోతల ఆరంభంలో' అనాలి. ఆవిడ తల ఊపారు గాని, తనకి పుట్టిన బిడ్డల్ని ఇద్దర్ని ఒకేసారి పోగొట్టుకున్నట్టు చూశారు.

'అధికముగా యుండును' దగ్గర ఇంకో పేచీ. "ఆ 'య' ఎందుకు తీసేశావు? రెండు అచ్చులు పక్కపక్కన ఉంటే మధ్యలో యడాగమం వస్తది గదా. మా ఊరు, మాయూరు."

"వస్తుంది. కానీ 'గా' చివర కనబడని 'న్' ఒకటి దాక్కుని ఉంటుంది అత్తయ్యా. దాన్ని ద్రుతం అంటారు. అలాంటి మాటల తర్వాత 'య' రాదు. పాత రాతలో రాయాలంటే 'అధికముగానుండును' అనాలి. మనం మామూలుగా 'అధికంగా ఉంటుంది' అని రాసుకుంటే ఏ గొడవా లేదు."

"కనబడనిది ఉందని నమ్మాలా?"

"ప్రతి ఆదివారం నమ్ముతున్నారుగా."

అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసి, తర్వాత పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నా మీద ఆవిడకి కాస్త గౌరవం పుట్టిందంటే అది అప్పుడే అయి ఉండాలి.

'కాయలుయెండును' అని ఇంకోచోట రాశారు. అక్కడా 'య' కొట్టేశాను, ఈసారి కారణం వేరు. ఉకారం తరువాత అచ్చు వస్తే ఆ ఉకారం పోయి తీరాలి, ఉత్వసంధి నిత్యం. 'కాయలెండును' అవుతుంది. సంధి జరగని చోటే 'య' వచ్చి మధ్యలో కూర్చుంటుంది, సంధి తప్పకుండా జరిగే చోట దానికి కుర్చీ లేదు. ఇప్పటి రాతలో అయితే 'కాయలు ఎండుతాయి' అని విడగొట్టి రాసినా సరే. 'య' మాత్రం వద్దు.

"మరి 'కోసుంచినాము' ఎందుకు విడగొట్టావు? అక్కడా అచ్చు పోయింది, కలిసింది. మనమంతా అట్టాగే అంటాం గదా."

"అంటాం. రాతలో కుదరదు. 'కోసి' అనేది ఇంకా పూర్తికాని పని. అసమాపక క్రియ. దాని చివరి ఇకారానికి సంధి లేదు. 'కోసి ఉంచాము' అనాలి. మీ పాత పద్ధతిలో అయితే 'కోసియుంచితిమి'. ఇదిగో, ఇక్కడ మాత్రం మీ 'య' ఉండొచ్చు."

"హమ్మయ్య, ఒకటి మిగిలింది," అన్నారు.

ఆ తర్వాత విభక్తుల దగ్గరికి వచ్చాం. 'నేను కూలీలు పిలుచుకొని చేనికి వెళ్ళుదును' అని రాశారు. 'కూలీలను' అని దిద్దాను.

"'కాయలు కోశాను' అన్నదాన్ని నువ్వు దిద్దలేదు. అక్కడ 'ను' అక్కర్లేదు, ఇక్కడ కావాలా? కాయలకి లేని మర్యాద కూలీలకెందుకు?"

"కాయలు మిమ్మల్ని కోయవు కాబట్టి. ప్రాణం లేనివాటికి 'ను' లేకపోయినా అర్థం చెడదు. మనుషులకి అది లేకపోతే ఎవరు పిలిచారో, ఎవర్ని పిలిచారో తెలియదు. 'తోడికోడలు కుక్క కరిచింది' అని రాశామనుకోండి. ఎవరు ఎవర్ని కరిచినట్టు?"

మా అత్తగారు నిజంగానే ఆలోచించారు. "మా తోడికోడలి విషయంలో రెండూ జరగొచ్చు," అన్నారు.

'ఎండ నుండి తలనొప్పి వచ్చును' అన్నదాన్ని 'ఎండ వల్ల' చేశాను. నుండి అనేది బయలుదేరిన చోటుకి, గుంటూరు నుండి, దర్శి నుండి. కారణానికి వల్ల. "తలనొప్పి ఎండలో నుండే గదా బయలుదేరింది," అని ఆవిడ వాదించారు. "అయితే టిక్కెట్టు కొనాలి," అన్నాను. పక్కగదిలోంచి మామయ్య దగ్గు వినిపించింది. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. టిక్కెట్ల మీద పరాచికాలు ఆయనకి నచ్చవు.

'తల్లితండ్రులు' అన్నచోట 'తల్లిదండ్రులు' అని దిద్ది, ఎందుకో చెప్పాను. తల్లీ, తండ్రీ, రెండూ సమానమైన మాటలు కలిసినప్పుడు, అంటే ద్వంద్వ సమాసంలో, రెండో మాట మొదట ఉన్న క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లు అవుతాయి. కూర, కాయ కలిసి కూరగాయ అయినట్టు.

అక్కడితో ఆ రోజు ఆగాం. తప్పులు సరిచేసి తిరగరాసి ఇవ్వమన్నాను. రెండు రోజుల తర్వాత కొత్త ప్రతి వచ్చింది. మళ్ళీ తుమ్ములు. చదివితే, వ్యాసంలో ఒక్క మిరపకాయ కూడా లేదు. అన్నీ మిరపగాయలు. మొదటి పేజీ దగ్గర్నుంచి చివరి వాక్యం దాకా, మార్చవలసిన చోటల్లా మార్చారు.

"కూరగాయ అయినప్పుడు మిరపగాయ ఎందుక్కాదు?" అన్నారు, నేను అడగకముందే. "పైగా మనమంతా అనేదీ అట్టాగే గదా."

అది మంచి ప్రశ్న. పదో తరగతి రెగ్యులర్ పిల్లలు నన్ను ఏనాడూ అడగని ప్రశ్న. వాళ్ళకి 'గసడదవాదేశం' అని రాస్తే మార్కు వస్తుంది, ఆ తర్వాత మిరపకాయ ఏమైపోయినా వాళ్ళకి అనవసరం.

"కూరగాయ అంటే కూరా, కాయా. రెండూ వేరు వేరు వస్తువులు. అందుకే ద్వంద్వం. మిరపకాయ అంటే మిరపా, కాయా అని రెండు కాదు కదా, మిరప చెట్టుకి కాసిన కాయ. అది వేరే సమాసం. అక్కడ ఈ సూత్రం వర్తించదు. నోటితో ఎలా అన్నా రాతలో మిరపకాయే."

ఆవిడ కాగితాలు వెనక్కి తీసుకుని, ప్రతి 'గా' మీదా గీత పెట్టి 'కా' రాశారు. రాస్తూ, "తల్లీ తండ్రీ సమానమంట, అది మాత్రం బానే ఉంది," అని గొణుక్కున్నారు.

ఇంత జరిగాక ఒకే ఒక్క వాక్యం మిగిలింది. అసలు కథంతా దాని దగ్గరే ఉంది.

'నేను చేనికి వెళ్ళిన దినములలో మా ఆయన చేత వంట చేయించితిని.'

నేను నింపాదిగా 'చేత' కొట్టేసి 'కు' వేశాను. 'మా ఆయనకు వంట చేయించితిని.' కారణం కూడా నోటికొచ్చినట్టే చెప్పాను. "'చేయించు' అనేది ప్రేరణ క్రియ అత్తయ్యా. ఒకరు చెబితే ఇంకొకరు చేసేది. అందులో చేసేవాళ్ళకి 'చేత' వస్తుంది. ఎవరి కోసం చేస్తారో వాళ్ళకి 'కు' వస్తుంది. 'కూలీల చేత కాయలు కోయించాను' అంటే కోసింది కూలీలు. మామయ్య ఇక్కడ తినేవారు కాబట్టి..."

"తినేవాడని ఎవరు చెప్పారు?"

నేను పెన్ను పైకెత్తాను.

"నేను రాసింది నేను రాసిందే. పోయినేడు సీజనంతా ఆయన చేతే వండించా."

మామయ్య మా చర్చి సంఘంలో పెద్ద. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత, జేబులో పెన్ను. గ్లాసు మంచినీళ్ళు కూడా కూర్చున్నచోటికే రావాలి. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆయన వంటింట్లోకి వెళ్ళడం నేను చూడలేదు. పోయినేడు మేం వినుకొండ వైపు ఉన్నాం, ఇక్కడికొచ్చాక వంట నాదే, కాబట్టి చూసే అవకాశమూ లేదు. మా అత్తగారు గొంతు తగ్గించి, అంటే ఆ వీధి వరకే వినబడేట్టు, చెప్పారు. ముఠా మేస్త్రీ అయ్యాక తెల్లారకముందే బయలుదేరాల్సి వచ్చింది. వండి వెళ్ళడం తన వల్ల కాదని చెప్పేశారు. మామయ్య కొన్నాళ్ళు సెంటర్లో ఇడ్లీ తిన్నారు. తర్వాత కడుపు మొరాయించి, తలుపేసుకుని వండడం మొదలుపెట్టారు. గరిటె చప్పుడు బయటికి వినబడకుండా ఫోన్లో కీర్తనలు గట్టిగా పెట్టేవారట. వీధి వీధంతా, రిటైరయ్యాక ఆయనకి భక్తి ముదిరిందనుకున్నారు.

"చేపల పులుసు నాకంటే బాగా పెడతాడు," అన్నారావిడ. "ఆ మాట కూడా రాద్దామనుకున్నా. పొగిడితే నెత్తికెక్కుతాడని ఆపా."

నేను 'కు' కొట్టేసి మళ్ళీ 'చేత' రాశాను. పక్కన రైట్ టిక్కు కూడా పెట్టాను.

మర్నాడు పొద్దున నేను స్కూలుకి బయలుదేరుతుంటే మామయ్య వరండాలో కుర్చీ నాకు దగ్గరగా జరిపారు. ఆయన చేతిలో ఆ కాగితం. కళ్ళజోడు నుదుటి మీద.

"అమ్మా, నువ్వు ముందు రాసిందే బాగుంది. ఇక్కడ 'కు'. దాన్నే ఉంచు."

"ఏది జరిగింది మామయ్యా?"

ఆయన ఫ్యాను వైపు చూశారు. "జరిగిందాన్ని అడగట్లేదు. గ్రామరు అడుగుతున్నా."

"గ్రామరు ప్రకారం రెండూ ఒప్పేనండి. 'కు' అయితే మీరు తిన్నట్టు. 'చేత' అయితే మీరు వండినట్టు. తప్పుంటేనే నేను దిద్దగలను. ఇది తప్పు కాదు."

"'తో' వేస్తే?"

"'మా ఆయనతో వంట చేయించాను' అన్నా అదే అర్థమండి."

ఇన్నేళ్ళు చిల్లర విషయంలో జనంతో వాదించిన మనిషి, అంత తొందరగా వదలరు. "పోనీ, 'మా ఆయనతో కలిసి వంట చేశాను' అంటే?"

వంటింట్లోంచి జవాబు వచ్చింది. "కలిసిందెక్కడ? నేను చేలో ఉన్నా!"

"అయితే 'ఇంట్లో వంట జరిగేది' అని రాయండి," అన్నారు మామయ్య, గొంతు పెంచి. "ఎవరు చేశారన్నది ఎవడిక్కావాలి?"

"జరగడానికి దానంతటది జరుగుద్దా? బైబిల్లో లాగా తిండికి ఆకాశం నుంచి మన్నా కురిసిందా?"

నాకు బస్సు టైమయింది. కర్తను దాచిపెట్టి వాక్యం రాయడం తెలుగులో తప్పేం కాదని, ప్రభుత్వ ఉత్తర్వులన్నీ అలాగే ఉంటాయని చెబుదామనుకున్నాను. కానీ అది ఏ పక్షానికి సాయమవుతుందో తేలక చెప్పులు వేసుకున్నాను. వెనక నుంచి మామయ్య, "పరీక్షలో ఇదే వ్యాసం ఇస్తే పేపరు దిద్దేవాడు ఎక్కడివాడో ఏంటో, మనకి తెలిసినోడే అయితే?" అంటున్నారు. భయం వ్యాకరణం గురించి కాదు, సంఘం గురించని అప్పుడు అర్థమైంది. కొంచెం జాలి కూడా వేసింది.

అందుకే తరువాతి తరగతిలో జాగ్రత్తపడ్డాను. అందరి వ్యాసాల్లోనూ విభక్తి తప్పులున్నాయి, బోర్డు మీద వివరించాలి. ఎవరి పేరూ చెప్పకుండా, మా ఇంటి వాక్యాన్ని దాటేసి, ఊహించి రెండు వాక్యాలు రాశాను. 'తల్లి కొడుకుకు అన్నం వండించింది. తల్లి కొడుకు చేత అన్నం వండించింది.' తేడా ఏమిటని అడిగాను.

బ్యూటీ పార్లరు అమ్మాయి చెప్పింది. "మొదటిదాంట్లో కొడుకు తింటాడు మేడమ్. రెండోదాంట్లో వాడు కష్టపడతాడు."

"సరిగ్గా చెప్పావు."

ఆటో అబ్బాయి చెయ్యెత్తాడు. "మేడమ్, 'మా ఆవిడ నా చేత బట్టలు ఉతికించింది.' కరెక్టేనా?"

"వ్యాకరణం కరెక్టే. మిగతాది మీ ఇంటి విషయం."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో వెనక బెంచీ మీద నుంచి గొంతు లేచింది. "మేడమ్ గారూ, ఈ తల్లీ కొడుకూ ఎవరండీ? నా వాక్యం రాయండి. నా కాగితంలో మీరే టిక్కు పెట్టారు గదా."

"ఉదాహరణ ఏదైనా ఒకటే కదండీ..."

"ఒకటెట్టా అవుద్ది? అది మీరు పుట్టించింది. నాది జరిగింది." ఇక నా కోసం ఆగలేదు. లేచి నిలబడి, చర్చిలో వాక్యం చదివే గొంతుతో చదివేశారు. "నేను చేనికి వెళ్ళిన దినములలో మా ఆయన చేత వంట చేయించితిని."

సరిగ్గా అప్పుడే నేను గుమ్మం వైపు చూశాను. మామయ్య అక్కడ నిలబడి ఉన్నారు. ఆవిడని బండి మీద తీసుకెళ్ళడానికి ఎప్పటికంటే ముందే వచ్చినట్టున్నారు. తెల్ల చొక్కా, జేబులో పెన్ను, చేతిలో హెల్మెట్టు.

తరగతి అంతా ఆయన వైపు తిరిగింది. ఆటో అబ్బాయికి ఆయన బాగా తెలుసు. వాడు ఊరుకోవచ్చు గదా. "పెదనాన్నా," అన్నాడు, "వంట చేయించింది మీకా, మీ చేతా?"

కిటికీ దగ్గర ఎవరో పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని కిసుక్కుమన్నారు. "ఎప్పుడన్నా ఒకనాడు టీ కాచి ఉంటార్లే," అన్నారు ఇంకెవరో. మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. ఈ రాత్రి భోజనం దగ్గర ఏ ముఖంతో కూర్చోవాలా అని ఆలోచిస్తున్నాను.

ఆయన లోపలికి రెండడుగులు వేసి, బస్సు ఆఖరి సీటు దాకా వినబడే గొంతుతో అన్నారు. "ఆ వాక్యంలో తప్పుంది."

మా అత్తగారు నడుం మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఏంటో ఆ తప్పు?"

"'చేయించితిని' అంటే ఏదో ఒకసారి చేయించినట్టుంది. ఒకనాడు టీ కాశాడంటున్నారు విన్నావా?" ఆయన నా వైపు తిరిగారు. "అమ్మా, సీజను మొత్తం చేసినవాణ్ణి. అన్నం, పప్పు, పులుసు, గోంగూర పచ్చడి. రోజూ చేసినదానికి ఎట్టా రాయాలి?"

"'చేయించేదాన్ని' అనాలండి. అలవాటుగా జరిగినదానికి అలా రాస్తాం."

"ఆఁ. అది రాయండి."

బోర్డు మీద రాశాను. 'నేను చేనికి వెళ్ళిన రోజుల్లో మా ఆయన చేత వంట చేయించేదాన్ని.' మామయ్య కళ్ళజోడు దించి, పైనుంచి కిందికి ఒకసారి చదివి, తల పంకించారు. టిక్కెట్టు పూర్తి దూరానికి కొట్టారా లేదా అని చూసుకున్నట్టుంది. మా అత్తగారు ఎందుకో అడక్కుండానే కూర్చుని, తన కాగితంలో ఆ మాట దిద్దుకున్నారు.

ఆ మాట ఊళ్ళోకి వెళ్ళకుండా ఉంటుందా. ఆటో అబ్బాయి ఆ సాయంత్రమే ఎక్కిన ప్రతివాడికీ చెప్పాడు. ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక మామయ్య చుట్టూ మగవాళ్ళు చేరారు. వేళాకోళం చేస్తారనుకున్నాం. చేశారు, నిజమే. కానీ వాళ్ళ ఆడవాళ్ళు మామయ్యని పట్టుకుని పులుసులో చింతపండు ఎంత వేస్తారని అడగడంతో వేళాకోళం ఎక్కువసేపు సాగలేదు. "పెద్దాయనే చేస్తన్నాడు, నీకేం రోగం?" అన్న మాట ఇంటింటా మొదలైందని, తన స్నేహితులు ముగ్గురు తనతో మాట్లాడడం మానేశారని మామయ్య నాకు ఫిర్యాదు చేశారు. ఫిర్యాదులా చెప్పారు గాని, అందులో బాధేం కనబడలేదు. అప్పట్నుంచి మళ్ళీ గరిటె పట్టారు, ఫోన్లో కీర్తనలు మాత్రం చిన్నగా పెడుతున్నారు. వంటింటి తలుపు తీసే ఉంటోంది.

పరీక్షలో మిరప కోతలు రాలేదు. చెట్లు, పర్యావరణం, అలాంటిదేదో వచ్చింది. మా అత్తగారు బయటికొచ్చి, "చెట్లు నాటాలని రాశా. ఎవరి చేత నాటించాలో కూడా రాశా," అన్నారు. పాసయ్యారు. తెలుగులో మంచి మార్కులే వచ్చాయి గాని, ఆవిడ లెక్క ప్రకారం ఇంకా రావాలి, తక్కువైనవన్నీ నా వల్ల పోయినవే. స్త్రీల సమాజం కార్యదర్శి పదవి కూడా వచ్చింది. రెండు మీటింగులకి రాసి, అక్కడ మాట్లాడేదాంట్లో రాయదగ్గది ఏమీ ఉండదని తేల్చి, ఆ పుస్తకాన్ని తోడికోడలికే ఇచ్చేశారు.

మొన్న ఇద్దరూ బండి మీద గుంటూరు వెళుతూ రోడ్డు పక్కన ఆగారు. ఎరువుల కొట్టు ముందు కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది, నిండా దండలేసుకున్న ఫోటోలు, మధ్యలో 'ప్రారంభొత్సవం' అని. మా అత్తగారు దిగి లోపలికి వెళ్ళి, కొట్టాయన్ని బయటికి పిలిచారు. ప్రారంభం, ఉత్సవం, రెండూ సంస్కృతం మాటలే గనక కలపడంలో తప్పు లేదని ముందే మెచ్చుకున్నారట. కానీ అ, ఉ కలిస్తే వచ్చేది దీర్ఘం 'ఓ' గాని పొట్టి 'ఒ' కాదు, అసలు సంస్కృతంలో పొట్టి 'ఒ' లేనే లేదు, దీర్ఘం పెట్టించండని చెప్పారట. ఆయన నోరు తెరుచుకుని విని, "మీరు టీచరాండీ?" అని అడిగాడట.

"కాదు బాబూ," అన్నారట ఆవిడ, "మిరపకాయలు కోస్తా."

మామయ్య ఇదంతా నాకు పూసగుచ్చినట్టు చెప్పి, "ఎండలో అరగంట నిలబెట్టింది," అని విసుక్కున్నారు. నేను వింటూ ఉల్లిపాయలు తరిగి ఇచ్చాను. ఆయన పోపు వేశారు.